ఒకే అంకె, రెండు నిర్ణయాలు

మన ఇళ్లలోని స్త్రీల రక్తపరీక్షల కాగితాల్లో టీఎస్‌హెచ్ అన్న మాట ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నది. ఆ అంకె హద్దు దాటితే చాలు, జీవితాంతం మాత్ర తప్పదన్న భయం ఇల్లంతా వ్యాపిస్తున్నది. మా కుటుంబంలోనే ఇద్దరికి ఒకే అంకె వచ్చింది. ఒకరికి మందు ఇచ్చారు, మరొకరికి ఇవ్వలేదు. ఆ తేడాకు కారణమేమిటో మేము వైద్యుణ్ణి అడిగి తెలుసుకున్నాము.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో పుట్టేది కాదు. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి దానిని పంపి, థైరాయిడ్ చేత పని చేయిస్తుంది. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్లలో ముఖ్యమైనది టీ4. మదర్సాలో పాఠం చెప్పే మాకు ఇది ఇలా అర్థమైంది: ఉస్తాద్ గొంతు పెంచవలసి వస్తున్నది, కానీ పిల్లలకు పాఠం వస్తూనే ఉన్నది. టీఎస్‌హెచ్ పెరిగినా ఫ్రీ టీ4 హద్దులోనే ఉంటే దానిని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. గొంతు పెంచినా పాఠం రానప్పుడు, అంటే టీ4 కూడా తగ్గినప్పుడు, అది పూర్తి స్థాయి వ్యాధి. దానికి మందు తప్పనిసరి.

దివిసీమలోని అవనిగడ్డలో ఉండే మా ఆపాకు అరవై ఎనిమిదేళ్లు. నీరసంగా ఉన్నదని, విషజ్వరం తగ్గిన పది రోజులకు పరీక్ష చేయించగా టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది. కాగితంపై ముద్రించిన గరిష్ఠ హద్దు 4.5. ఫ్రీ టీ4 సరిగానే ఉన్నది. మచిలీపట్నంలోని వైద్యుడు మందు రాయలేదు. జబ్బు నుండి కోలుకునే రోజుల్లో టీఎస్‌హెచ్ తాత్కాలికంగా పెరుగుతుందని, మూడు నెలలు ఆగి మళ్లీ చూడాలని చెప్పారు. అప్పుడది 5.9కి దిగింది. వయసుతోపాటు ఈ అంకె సహజంగానే కొంత పెరుగుతుంది, కానీ చాలా ప్రయోగశాలలు అన్ని వయసుల పెద్దలకూ ఒకే హద్దు ముద్రిస్తాయి. అదే సమయంలో ఆపా హిమోగ్లోబిన్ 9.4 అని తేలింది. నీరసానికి అసలు కారణం రక్తహీనతే. ఐరన్ మాత్రలతో ఆమె తేరుకున్నారు.

గుడివాడలోని మా తమ్ముని కుమార్తెకు ఇరవై ఏడేళ్లు. ఒకసారి గర్భం నిలవలేదు, మళ్లీ బిడ్డ కోసం ఎదురుచూస్తున్నది. ఆమెకూ 6.8 వచ్చింది, ఫ్రీ టీ4 సరిగానే ఉన్నది. కొన్ని వారాల తరువాత మళ్లీ చేయిస్తే 7.1. థైరాయిడ్‌ను దెబ్బతీసే టీపీఓ యాంటీబాడీలు కూడా ఎక్కువగా ఉన్నాయి. గర్భం తొలి నెలల్లో శిశువు తల్లి హార్మోన్ మీదనే ఆధారపడుతుంది కనుక, వైద్యురాలు లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు ఆరంభించారు. మందుతో గర్భం నిలుస్తుందని హామీ ఇవ్వలేనని కూడా ఆమె స్పష్టంగా చెప్పారు. ఆరు వారాలకు అంకె 2.2కి వచ్చింది. గర్భం దాల్చిన వెంటనే పరీక్ష చేయించి, ఆపై నాలుగేసి వారాలకు చూపించుకోవాలన్నారు.

ఈ సంగతి విని ఆపా, "ఏం తమ్ముడూ, ముసలిదాన్నని నాకు మందు దండగ అనుకున్నారా?" అని నొచ్చుకున్నారు. ఆ మాటనే మేము వైద్యుని ముందుంచాము. ఆయన ఇచ్చిన సమాధానం ఇది. అరవై అయిదేళ్లు దాటిన 737 మందిపై ఐరోపాలో జరిగిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. సగం మందికి లెవోథైరాక్సిన్, మిగిలినవారికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాది తరువాత మందు వాడినవారి టీఎస్‌హెచ్ తగ్గింది గానీ, నీరసంలో రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. మోతాదు మించితే వృద్ధుల్లో గుండె లయ తప్పడం, ఎముకలు బలహీనపడడం జరుగుతుంది. కనుక మందు ఇవ్వకపోవడం నిర్లక్ష్యం కాదు, ఆమెను అనవసరమైన ముప్పు నుండి తప్పించడమే.

మరి ఎప్పుడు ఇవ్వాలి? రెండుసార్లు చూసినా అంకె 10 లేదా అంతకు మించి ఉంటే సాధారణంగా మందు ఆరంభిస్తారు. వయసు బాగా మళ్లినవారిలో అక్కడా ఆచితూచి అడుగు వేస్తారు. అంకె 10 లోపు ఉంటే గర్భం, యాంటీబాడీలు, గ్రంథి వాపు, వయసు వంటివి చూసి నిర్ణయిస్తారు. యాంటీబాడీలున్న స్త్రీలలో ఏటా నూటికి సుమారు నలుగురు పూర్తి వ్యాధిలోకి జారుతారు. అవి లేని ఆపా ఏడాదికొకసారి పరీక్ష చేయించుకుంటే చాలు.

మందు వాడేవారు దానిని పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట వరకు టీ కూడా తాగరాదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. రమజాన్‌లో సహరీకి అరగంట ముందు గానీ, రాత్రి భోజనమైన మూడు గంటలకు గానీ వేసుకోవచ్చు. మా తమ్ముని కుమార్తె సహరీ వేళనే ఎంచుకున్నది. ఎవరూ తమంతట తాము మాత్ర మానరాదు, ఇంట్లో మరొకరి మాత్ర తీసుకోనూ రాదు.