చారల స్వెట్టరుకు ప్రక్క కుట్టు

చలికాలంలో ఇస్నాపూర్, పటాన్‌చెరు పరిసరాలలో ఫజ్ర్ వేళకు చలి గట్టిగానే ఉంటుంది. మా మదర్సా విద్యార్థుల కోసం ఇండ్లలో మిగిలిన ఊలుతో స్వెట్టర్లు అల్లిస్తుంటాము. ఒకే రంగు ఊలు చాలదు కనుక చారలు తప్పవు. ఆ చారలు ప్రక్కల కలవకపోతే అది మిగులు ఊలుతో చేసిన దానమని చూడగానే తెలిసిపోతుంది. పుచ్చుకునే బిడ్డకు ఆ చిన్నతనం కలుగరాదన్నది మా పట్టుదల.

దీనికి తగినది మ్యాట్రెస్ స్టిచ్ అనే కుట్టు. ముందు, వెనుక ముక్కలను పై వైపు మనకు కనబడేలా ప్రక్కప్రక్కన పరచాలి. ముక్కలను తిరగేసి కుట్టేవారికి చారలు కలుస్తున్నాయో లేదో స్పష్టంగా కనబడదు. మొన మొద్దుగా ఉన్న ఊలు సూది, మూరెడు ఊలు చాలు. అంతకంటే పొడవైతే రాపిడికి నలిగిపోతుంది. అడుగు మూలలను 8 అంకెలా చుట్టి కలపాలి. అంచున ఉన్న కన్నుకూ దాని ప్రక్క కన్నుకూ మధ్య కొద్దిగా లాగితే, నిచ్చెన మెట్లలా అడ్డపోగులు కనబడతాయి. ఒక్కో వరుసకు ఒక్కో పోగు. ఒక ముక్కలో పోగు క్రింద సూదిని పోనిచ్చి, ఎదుటి ముక్కలో అదే ఎత్తున ఉన్న పోగును తీయాలి. మళ్ళీ ఇటు వచ్చినప్పుడు, ఇంతకుముందు సూది బయటికి వచ్చిన చోటనే దించాలి. నాలుగైదు సెంటీమీటర్లకు ఒకసారి దారం లాగితే రెండంచులూ లోపలికి మడిగి, కుట్టు మాయమవుతుంది. ముడతలు వస్తే బిగువు ఎక్కువైనట్టు. సాగదీసినప్పుడు కుట్టుదారం తొంగిచూస్తే తక్కువైనట్టు.

ఉదాహరణకు, నీలం, తెలుపు చారలు ఒక్కొక్కటి 6 వరుసలు, చంక వరకు 10 చారలు అనుకుందాం. ఇరువైపులా 60 పోగులు. రెండేసి పోగులు తీస్తే చారకు మూడు కుట్లు; రంగు మారే చోటే కుట్టూ ముగుస్తుంది. చార 5 వరుసలదైతే రెండేసి కుదరదు, ఒక కుట్టు రెండు రంగులమీదా పడుతుంది. అప్పుడు ఒక్కొక్క పోగే తీయాలి. ఓపిక కావాలి, అంతే.

చారలు అడుగు నుండీ పైదాకా ఒకే వరుస తేడాతో ఉంటే, మొదటి పోగు ఒకవైపు పైకి పట్టినట్టే, మొత్తం విప్పవలసిందే. అడుగున కలిసి నడుమ నుండి తప్పితే, ఆ క్రింది చారలోనే ఒక పోగు జారింది. అంతవరకే విప్పితే చాలు. ఒక ముక్కలో రెండు వరుసలు ఎక్కువ అల్లి ఉంటే మాత్రం ఏ కుట్టూ కాపాడదు. ఒకే రంగు స్వెట్టరులో అక్కడక్కడ ఒక పోగుకు రెండు పోగులు జతచేసి సర్దవచ్చు గాని, చారలు ఆ సర్దుబాటును దాచవు. అందుకే కుట్టుకు ముందే, రెండు ముక్కలలోనూ ప్రతి చార వరుసలను లెక్కించమని మా ఇంట్లోవారు అల్లేవారందరికీ చెబుతుంటారు.