సిగ్నల్ దగ్గర ఆగిన 50 సెకన్లు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగితే కవిత రాద్దామనుకున్నాను. నాలుగు లైన్లకే ఆగిపోయింది. అందుకే నేను బాగా దెబ్బతిని నేర్చుకున్న ఒక లెక్క గురించి రాస్తున్నాను.

2022లో తెలంగాణలో కానిస్టేబుల్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు మా రూములో నలుగురం దరఖాస్తు పెట్టాం. మగవాళ్ళు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. ఒక్క సెకను దాటినా ఇంటికే. దగ్గరలో గ్రౌండు లేదు కాబట్టి నేను పొద్దున్నే హాస్టల్ గేటు నుంచి బస్టాండు దాటి 1600 మీటర్లు రోడ్డు మీదే ఉరికేవాణ్ణి. దారిలో రెండు సిగ్నళ్లు. చేతిలో ఫోను, అందులో పరుగు లెక్కపెట్టే యాప్.

రోజూ యాప్ 6 నిమిషాల 56 సెకన్లు అని చూపించేది. అంటే కిలోమీటరుకు 4 నిమిషాల 20 సెకన్లు. ఇంకా 19 సెకన్లు చేతిలో ఉన్నాయని మెస్సులో అందరికీ చెప్పుకున్నాను. అప్పటికే సెలెక్టయిన మా సీనియర్ అన్న ఒకరోజు ఫోను తీసుకుని కింద చిన్న అక్షరాలు చూపించాడు. పైన ఉన్నది Moving Time, కింద ఉన్నది Elapsed Time. కింద 7 నిమిషాల 46 సెకన్లు ఉంది.

"ఈ 50 సెకన్లు ఎక్కడ పోయినయ్ రా?" అన్నాడు.

"సిగ్నల్ కాడ ఆగిన అన్నా. ఉరికింది లెక్కనే కదా కావాలె?"

"రేపు గ్రౌండుకు రా, చూద్దాం."

ఆ రెండు అంకెల తేడా చాలా చిన్న విషయం. నేను నిలబడగానే ఫోను స్థలం మారడం లేదని గమనించి కదిలిన సమయాన్ని ఆపేస్తుంది. నిలబడ్డ చోటే ఎగురుతున్నా దానికి ఆగినట్టే. మొత్తం సమయం మాత్రం మొదలుపెట్టిన క్షణం నుంచి ఆపే దాకా నడుస్తూనే ఉంటుంది. దూరం రెండింటికీ ఒకటే, 1.6 కిలోమీటర్లు. 416 సెకన్లను 1.6తో భాగిస్తే 260, అంటే 4 నిమిషాల 20. 466ను భాగిస్తే 291, అంటే 4 నిమిషాల 51. ఆగిన 50 సెకన్లు కిలోమీటరుకు 31 సెకన్ల తేడా తెచ్చాయి. అదే 50 సెకన్లు 10 కిలోమీటర్ల పరుగులో ఆగి ఉంటే తేడా కిలోమీటరుకు 5 సెకన్లే. దూరం తక్కువైన కొద్దీ సిగ్నల్ బరువు ఎక్కువ.

ఇంతవరకు భాగహారం. అసలు సంగతి మర్నాడు గ్రౌండులో తెలిసింది. 400 మీటర్ల ట్రాకు, నాలుగు చుట్లు. అన్న ప్రతి చుట్టుకూ టైము రాశాడు. మొదటిది 1:44, రెండోది 1:46. అచ్చం రోడ్డు మీద వేగమే. మూడోది 1:58. నాలుగోది 2:03, అది కూడా పళ్ళు బిగించి. మొత్తం 7 నిమిషాల 31 సెకన్లు. ఫెయిల్.

అన్న ఆ కాగితం చూసి మొదటి సిగ్నల్ ఎక్కడొస్తుందని అడిగాడు. గేటు నుంచి సుమారు 700 మీటర్లు. నేను కూలబడింది 800 తర్వాత. రోజూ సరిగ్గా ఊపిరి అందని చోట నాకు ఎర్రలైటు 30 సెకన్ల విశ్రాంతి ఇచ్చేది. గుండె కాస్త దిగేది, మళ్ళీ కొత్తగా ఉరికేవాణ్ణి. యాప్ ఆ విశ్రాంతిని సమయంలోంచి తీసేసింది. దాని వల్ల కాళ్ళకు వచ్చిన బలాన్ని మాత్రం తీసేయలేదు, తీసేయలేదు కూడా. అందుకే కదిలిన సమయం నన్ను ఉన్నదానికన్నా గట్టివాణ్ణిగా చూపింది. అలాగని 7:46 కూడా నిజం కాదు, అందులో ఊరికే నిలబడ్డ సెకన్లున్నాయి. నా అసలు శక్తి ఆ రెండింటి మధ్య 7:31 దగ్గర ఉంది. అది ఏ స్క్రీన్ మీదా లేదు.

మీ పరుగులోనూ ఇది కనిపెట్టవచ్చు. సిగ్నల్‌కు ముందు ముక్క, తర్వాత ముక్క విడిగా చూడండి. ఆగిన తర్వాత ముక్క ప్రతిసారీ వేగంగా ఉంటే ఆ సగటును నమ్మకండి. నిదానంగా చేసే పరుగుకైతే కదిలిన సమయం చూసినా నష్టం లేదు. పరీక్షకు మాత్రం మొత్తం సమయమే. స్ట్రావాలో పరుగును Race అని గుర్తుపెడితే అది కూడా మొత్తం సమయంతోనే సగటు కడుతుంది. మా రూమ్మేటు ఒకడు గడియారం ఆగకూడదని ఎర్రలైటులో లారీ ముందు నుంచి దూకాడు. ఆ తెలివి వద్దు.

ఆ తర్వాత బస్టాండు రోడ్డు మానేసి చెరువుకట్ట మీదికి మారాను. అక్కడ గేదెలు తప్ప సిగ్నళ్లు లేవు. మొదటి చుట్టు 1:44కు ఎగబడకుండా నాలుగూ 1:48 చొప్పున పరిగెత్తమన్నాడు అన్న. అలా అయితే 7:12. మొదటి వారం నాలుగో చుట్టులో వాంతి అయ్యింది. మూడో వారానికి నిలబడింది.

ఈవెంట్స్ రోజు నా టైము 7 నిమిషాల 9 సెకన్లు. ఆ 6:56 స్క్రీన్‌షాట్ ఇంకా ఫోనులో ఉంది. తమ్ముళ్లు ఎవరైనా అడిగితే కింది అంకెతో సహా చూపిస్తాను.