వినతిపత్రమా, అప్పీలా? నేను పోగొట్టుకున్న 52 రోజులు

నాన్న పోయాక 2 ఎకరాలు నా పేరుకు మార్చమని అర్జీ పెట్టుకున్నా. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో అక్క పేరు లేదని తహసీల్దారు తిరస్కరిస్తూ కాగితం ఇచ్చారు. పేరు రెండో పేజీలో ఉంది! వినతిపత్రం రాసుకుని సోమవారం కలెక్టరేట్‌కి పోయా. అది తిరిగి ఆ తహసీల్దారు దగ్గరికే వచ్చింది. ‘ఉత్తర్వు ఇచ్చేశాం’ అని ముగించారు. మళ్లీ ఇంకో సోమవారం, మళ్లీ అదే జవాబు.

చివరికి రిటైరైన గుమాస్తా ఒకాయన నా కాగితం చూసి, "ఏమయ్యా, ఇది వచ్చి ఎన్నాళ్లయింది?" అన్నారు. లెక్కేస్తే 52 రోజులు.

ఆయన చెప్పింది ఇదీ. ఇంకా ఏ నిర్ణయం రాకముందు పరిస్థితి చెప్పుకునేది వినతిపత్రం. ఆధారాలు జతచేసి, ఫలానా ఉత్తర్వు ఇవ్వండని అధికారం ఉన్నవాళ్లను అడిగేది పిటిషన్. లంచం అడిగినా, ఫైలు తొక్కిపెట్టినా ఆ మనిషి తీరు మీద ఇచ్చేది ఫిర్యాదు. దాంతో ఉత్తర్వు మాత్రం రద్దు కాదు. రాతపూర్వకంగా వచ్చిన ఉత్తర్వే తప్పయితే పైఅధికారికి అప్పీలు.

మన ఆంధ్రాలో 1971 పట్టాదారు పాసుపుస్తకాల చట్టం సెక్షన్ 5(5) ప్రకారం ఇలాంటి అప్పీలు ఆర్డీవోకి చేసుకోవాలి. ఉత్తర్వు మనకు అందిన రోజు నుంచి 60 రోజులే గడువు. సోమవారం అర్జీలు పెట్టినంత మాత్రాన ఆ గడువు ఆగదు.

55వ రోజు అప్పీలు వేశా. ఉత్తర్వు నకలు, రెండో పేజీ జతచేసి, ఉత్తర్వు ఎక్కడ తప్పో రెండు పేరాల్లో రాశా. రసీదు తీసుకున్నా. విచారణకు నోటీసు వచ్చింది.

కాగితం రాసే ముందు ఒక్కటి చూసుకోండి: మీ చేతిలో ఉత్తర్వు ఉందా, లేదా?