మిరియాల సీసా ఫొటోలో ఏది తుడవాలి, ఏది ఉంచాలి

మన టైడా, అనంతగిరి వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకే మిరియాల తీగ మీకు తెలిసిందే. ఆ మిరియాలు గాజు సీసాలో పోసి ఫోన్‌లో అమ్మేవాళ్ళు మనలో పెరుగుతున్నారు. ఫొటో మీద దుమ్ము కనిపిస్తే ఏఐ ఎడిటింగ్ యాప్‌లో పెట్టి "ఫొటో క్లీన్ చెయ్" అని రాసేస్తున్నారు. చిక్కు అక్కడే వస్తుంది.

అలా రాస్తే ఏది మురికో, ఏది సరుకో యాప్ తనే తేల్చుకుంటుంది. ఎండు మిరియం మీద ముడతలుంటాయి కదా, వాటిని కూడా మచ్చలనుకుని నున్నగా చేసేస్తుంది. అప్పుడవి అసలు మిరియాల్లా కనపడవు. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపే మోసం కొనేవాళ్ళకు తెలుసు, వెంటనే అనుమానపడతారు.

అందుకే మేం ఒక సీసా ఫొటోని మూడు విడతల్లో చేశాం. ఒక్కో విడతకి ఒక్క పని. ఎక్కడ, ఏం తీయాలి, ఏం ముట్టుకోకూడదు, ఈ మూడూ చెప్పాలి. మొదట మూత:

"మూత కుడి అంచున ఉన్న సన్నని గీత మాత్రమే తీసెయ్. మూత రంగు, మెరుపు అలాగే ఉంచు. లేబుల్, మిరియాలు, సీసా ఆకారం మార్చకు."

రెండోది, గాజు బయట కింది భాగంలో ఉన్న దుమ్ము చుక్కలు. మూడోది, సీసా ఎడమవైపు కనపడే ఫోన్, చెయ్యి నీడ. ఇక్కడ "రిఫ్లెక్షన్లన్నీ తీసెయ్" అనకండి. నిలువుగా ఉండే తెల్లని వెలుగు గీత పోతే గాజు కాస్తా ప్లాస్టిక్‌లా అయిపోతుంది. యాప్‌లో బ్రష్ ఉంటే ఆ చోటు వరకే రుద్ది చెప్పండి.

ప్రతి విడత తర్వాత పాత ఫొటో, కొత్త ఫొటో మార్చి మార్చి పెద్దది చేసి చూడాలి. ముందు లేబుల్ చూడండి. చాలా యాప్‌లు చెప్పిన చోటే కాక బొమ్మ మొత్తాన్ని మళ్ళీ గీస్తాయి, చిన్న అక్షరాలు వంకర పోతాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ 14 అంకెలు ఒక్కొక్కటీ సరిచూడాలి. ఒక్క అంకె మారినా ఆ ఫొటో వదిలేసి, అంతకు ముందు విడత నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అసలు ఫొటో మాత్రం ఎప్పుడూ డిలీట్ చేయొద్దు.

లేబుల్ అక్షరాల మీదే వెలుగు పడి తెల్లగా అయిపోతే ఏ మాట రాసినా లాభం లేదు. ఫొటోలో లేని అక్షరాన్ని యాప్ ఊహించి గీస్తుంది, అంతే. సీసాను నీడలోకి జరిపి మళ్ళీ ఫొటో తీయడమే.

చివరగా ఒక మాట. తెల్లమచ్చ గాజు బయట ఉంటే గుడ్డతో తుడిస్తే పోతుంది. మిరియాల మీదే ఉంటే అది బూజు కావచ్చు. దాన్ని ఫొటోలో తుడవకండి, సీసా తెరిచి చూడండి. బూజైతే ఆ సరుకు అమ్మకూడదు.