గోల్ ఏది, ఆబ్జెక్టివ్ ఏది?



యూజీసీ నెట్‌కో, సీఏ ఇంటర్‌కో చదువుతున్న వాళ్లలో చాలామందిని తికమక పెట్టే ప్రశ్న ఒకటుంది. నాలుగు వాక్యాలు ఇచ్చి, వీటిలో మిషన్ ఏది, విజన్ ఏది, గోల్ ఏది, ఆబ్జెక్టివ్ ఏది, జతపరచమంటారు. నిర్వచనాలు కంఠతా వచ్చిన వాళ్లు కూడా చివరి రెండింటి దగ్గర తడబడతారు. అందుకు కారణం ఉంది. ఈసారి దాని గురించే రాస్తాను.

అమెరికా చంద్రయాత్రను ఉదాహరణగా తీసుకుందాం. నాసాను ఏర్పాటు చేసిన 1958 నాటి చట్టం, అంతరిక్ష కార్యకలాపాలు శాంతియుత ప్రయోజనాల కోసం, సమస్త మానవాళి మేలు కోసం సాగాలని చెప్పింది. సంస్థ ఎందుకు ఉంది, ఎవరి కోసం ఉంది అన్న ప్రశ్నకు ఇది జవాబు కాబట్టి మిషన్ స్వభావం గల వాక్యం. మిషన్ ఇవాళ్టి పనికి అర్థం చెబుతుంది, దానికి గడువు ఉండదు. 1961 మే 25న కాంగ్రెస్ ఎదుట మాట్లాడుతూ అధ్యక్షుడు కెనెడీ, అంతరిక్ష విజయాల్లో అమెరికా స్పష్టంగా ముందు వరసలో నిలవాల్సిన సమయం వచ్చిందన్నారు. అప్పటికి సోవియట్ యూనియన్ ముందుంది. ఇంకా అందుకోని స్థానాన్ని కళ్ల ముందు నిలుపుతున్న మాట కాబట్టి ఇది విజన్.

అదే ప్రసంగంలో అసలు వాక్యం వచ్చింది. ఈ దశాబ్దం ముగిసేలోపు మనిషిని చంద్రుడి మీద దింపి, క్షేమంగా భూమికి తిరిగి తీసుకురావాలని ఆయన ప్రకటించారు. ఇందులో ఏం చేయాలో ఉంది, ఎప్పటిలోగా చేయాలో ఉంది. నెరవేరిందా లేదా అని ఎవరైనా అవునో కాదో తేల్చి చెప్పవచ్చు. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద దిగింది 1969 జులై 20న. కానీ ఆ వాక్యం ప్రకారం పని పూర్తయింది జులై 24న, ముగ్గురు వ్యోమగాములూ పసిఫిక్ సముద్రంలో క్షేమంగా దిగిన రోజున. మంచి లక్ష్య వాక్యం ఇంత కచ్చితంగా ఉంటుంది.

మరి దీన్ని ఏమనాలి? కెనెడీ వాడిన మాట గోల్. వీలెన్, హంగర్ పాఠ్యపుస్తకం తెరిస్తే ఇది ఆబ్జెక్టివ్. వాళ్ల లెక్కలో గోల్ అంటే గడువూ కొలతా లేకుండా విశాలంగా చెప్పిన ఆశయం, ఆబ్జెక్టివ్ అంటే ఏమిటి, ఎప్పటిలోగా అని కొలవగలిగేలా చెప్పినది. అజర్ కజ్మీ పుస్తకం కూడా దాదాపు ఇదే దారిలో, గోల్‌ను ఎలా సాధించాలో నిర్దిష్టంగా చెప్పేది ఆబ్జెక్టివ్ అంటుంది. సీఏ విద్యార్థుల కోసం ఐసీఏఐ ఇచ్చే స్టడీ మెటీరియల్‌లో మాత్రం ఇది తలకిందులవుతుంది. అక్కడ ఆబ్జెక్టివ్ విశాలమైనది, గోల్ నిర్దిష్టమైనది. 1958 చట్టం కూడా అంతరిక్షం గురించి మానవ విజ్ఞానాన్ని విస్తరించడం వంటి గడువు లేని వాటినే ఆబ్జెక్టివ్‌లుగా పేర్కొంది. కాబట్టి కెనెడీ మాటా, ఆ చట్టం మాటా ఐసీఏఐ పద్ధతికి సరిపోతాయి.

అందుకే ప్రశ్న చూడగానే పేర్ల జోలికి వెళ్లకండి. ముందు మిషన్‌నూ విజన్‌నూ జతపరిచి పక్కన పెట్టండి. మిగిలిన రెండు వాక్యాల్లో ఏది కొలవగలిగేదో, ఏది విశాలమైనదో గుర్తించండి. ‘కస్టమర్ సంతృప్తిని మెరుగుపరచాలి’ అన్నది విశాలమైనది. ‘వచ్చే మార్చి నాటికి ఫిర్యాదులను 40 శాతం తగ్గించాలి’ అన్నది కొలవగలిగేది. ఇక్కడిదాకా ఏ పుస్తకం చదివినా జవాబు ఒకటే. ఆ తర్వాతే, మీ పరీక్షకు నిర్దేశించిన పుస్తకం వీటిలో దేన్ని గోల్ అంటుందో చూసి పేరు పెట్టండి. ప్రశ్నలోనే నిర్వచనం ఇచ్చి ఉంటే దానికే కట్టుబడాలి. నిర్వచనమూ పుస్తకమూ ఏదీ చెప్పని ప్రశ్నలో వీలెన్, హంగర్ పద్ధతినే నేను ఎంచుకుంటాను, మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో అదే ఎక్కువ వాడుకలో ఉంది కాబట్టి.

ఇంకొక్క జాగ్రత్త. వాక్యంలో సంవత్సరం కనిపించగానే అది కొలవగలిగేది అనుకోవద్దు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విడుదల చేసిన విజన్ 2020ని గుర్తు చేసుకోండి. పేరులోనే సంవత్సరం ఉంది, అయినా అది రాష్ట్రం ఎలా ఉండాలో ఊహించిన చిత్రం. ఆ పత్రం లోపల రంగాల వారీగా పెట్టుకున్న అంకెలు వేరు, మొత్తం చిత్రం వేరు. ‘2047 నాటికి అభివృద్ధి చెందిన దేశంగా నిలవాలి’ అన్న వాక్యమూ అంతే. గడువు ఉంది గానీ, దేన్ని లెక్కించి నెరవేరిందనాలో ఆ వాక్యం చెప్పదు. తలసరి ఆదాయం ఇంతకు చేరాలి అని దానికి జోడిస్తే అప్పుడది కొలవగలిగే వాక్యంగా మారిపోతుంది.

మీరు రాసే పరీక్ష పేరు, అందులో మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన వాక్యం ఉత్తరంలో రాసి పంపండి. వచ్చే నెల కలిసి జతపరుద్దాం.

ఉంటాను,
మీ శ్రేయోభిలాషి