రెండు గంటల ఆరు నిమిషాలు

2016 జనవరి 27, శాన్ ఫ్రాన్సిస్కోలో సాయంత్రం 4:23. గిట్‌హబ్ వెబ్‌సైట్ ఆగిపోయింది. డేటా సెంటర్‌లో కరెంటు ఒక్క క్షణం తడబడింది, అంతే. నాలుగో వంతుకు కాస్త ఎక్కువ సర్వర్లు రీబూట్ అయ్యాయి.

సైట్ స్థితి చెప్పే పేజీని ఎర్రగా మార్చడానికే దాదాపు ఎనిమిది నిమిషాలు పట్టింది. ఇంజనీర్లు ఆదేశాలిచ్చే చాట్ వ్యవస్థ కూడా పడిపోయిన యంత్రాల మీదే ఉంది మరి! పైగా లక్షణాలు చూసి, బయటి నుంచి దాడి జరుగుతోందేమోనని మొదట అటు వెళ్లారు.

అసలు చిక్కు రెడిస్ దగ్గర తేలింది. ఫర్మ్‌వేర్ లోపం వల్ల కొన్ని సర్వర్లు రీబూట్ అయ్యాక తమ డిస్కులనే గుర్తించలేదు. ఆ సర్వర్లలోనే కొన్ని రెడిస్ క్లస్టర్లు ఉన్నాయి. వేరే యంత్రాల మీద వాటిని మళ్లీ నిర్మించాల్సి వచ్చింది. ఇక అప్లికేషన్ సంగతి: రెడిస్ అందకపోతే అది అసలు మొదలే కాదు. ఈ ముడి ఎవరూ కావాలని వేసింది కాదు, స్టార్టప్ కోడ్‌లోకి తెలియకుండా చేరింది. 6:29కి సైట్ తిరిగొచ్చింది.

తర్వాత వచ్చిన నివేదికలో ఫలానా ఉద్యోగి తప్పు అన్న మాట లేదు. అది చాలా సరైన పని. కరెంటు పోవడం కన్నా, స్టార్టప్‌లో దాగిన ఆ ముడే పెద్ద కారణం. మనిషి కోసం వెతికితే అది దొరికేది కాదు. ఫర్మ్‌వేర్ మార్చడం, బయటి సేవలు లేకున్నా అప్లికేషన్ లేస్తుందని పరీక్షలతో రుజువు చేయడం చేయాల్సిన పనుల్లో చేరాయి.

మీ టెస్ట్ సర్వర్‌లో ఈ వారమే రెడిస్ ఆపి, అప్లికేషన్‌ను రీస్టార్ట్ చేసి చూడండి.