పరారీలో ఉన్న వదిన లొంగిపోయింది

పూర్వం ఉత్తరానికి జవాబు రాకపోతే పోస్టుమేన్‌ని తిట్టుకుని ఊరుకునేవాళ్లం. ఇప్పుడా సౌకర్యం కూడా లేదు. వాట్సాప్‌లో మన మెసేజి పక్కన రెండు టిక్కులూ నీలంగా మారాయంటే అవతలివాళ్లు తెరిచారన్నమాటే. తెరిచి కూడా పలకలేదంటే ఇక మన బుర్ర ఊరుకుంటుందా? కూర మాడుతున్నా పట్టించుకోకుండా కారణాలు వెతుకుతుంది.

కిందటి వేసవిలో నాకదే అయింది. పొద్దున్న పదింటికి మా వదినకి మెసేజి పెట్టాను: "వదినా, ఆవకాయకి కాయలు కొట్టించేశాను. అమ్మ లెక్క ప్రకారం ఉప్పెంత వేయాలి?" నిమిషంలో టిక్కులు నీలమయ్యాయి. జవాబు లేదు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. ముక్కలు తుడిచి బట్ట మీద పరిచి, వాటి పక్కనే నేనూ కూర్చున్నాను.

ఫోను చేయొచ్చుగా అంటారేమో. చూసి కూడా పలకని మనిషికి మనమే ఫోను చేయడానికి మనసొప్పుతుందా, మీరే చెప్పండి! పైగా అడిగింది ఒక్క ఉప్పు గురించేనా? అమ్మ పోయి రెండేళ్లయింది. అమ్మ కొలతలన్నీ వదిన దగ్గరే ఉన్నాయి. ఆవిడ పలకకపోతే పుట్టింటి గడప అక్కడితో సరి అనిపించింది ఆ రాత్రి.

మర్నాడు ఏడింటికి ఫోను మోగింది. వదిన మెసేజి. నా పాత ప్రశ్నని వేలితో కుడివైపుకి జరిపి, దాని కిందనే రాసింది. అలా చేస్తే మన ప్రశ్న కూడా పైన కనిపిస్తుంది కదా, దేనికి జవాబో వెతుక్కోనక్కర్లేదు.

"ముందు ఉప్పు: నాలుగు తవ్వల ముక్కలకి ముప్పావు తవ్వ. కారం, ఆవపిండి చెరొక తవ్వ. ఇక కేసు వివరాలు. నిన్న పదింటి నుంచి పరారీలో ఉన్న నీ వదిన ఈ ఉదయం స్వచ్ఛందంగా లొంగిపోతున్నది. నేరం: అత్తయ్య నోటుబుక్కులో చూసి చెబుదామని అటక దింపించడం, బుక్కు దొరికాక ఉప్పు సంగతి మరిచి 1998 నాటి చాకలి పద్దు చదువుతూ ఏడుస్తూ నవ్వుతూ కూర్చోవడం. సాక్షి: నీ అన్నయ్య, రాత్రి భోజనానికి అటుకులు తిన్న అభాగ్యుడు. శిక్ష: నీ ఆవకాయలో ఉప్పెక్కువైనా సరే ఆర్నెల్లు నోరెత్తకుండా తింటాను."

నేను నవ్వానా, ఏడ్చానా అంటే రెండూనూ. "ముద్దాయికి బెయిలు మంజూరైంది. పూచీకత్తుగా ఆ పేజీల ఫొటోలు పంపవలెను" అని రాశాను.

తర్వాత గిన్నెలో కారం కలుపుతూ ఆలోచిస్తే తెలిసింది, అది ఎందుకు గుచ్చుకోకుండా దిగిందో. ముందు నాకు కావలసిన ఉప్పు చెప్పింది, హాస్యం ఆ తర్వాతే. ఉప్పు చెప్పకుండా జోకులేసి ఉంటే ఒళ్లు మండేది. నవ్వినదంతా తన మీదే. "నీకెంత తొందరే తల్లీ" అని ఒక్క ముక్క నా మీదకి తిప్పి ఉంటే ఆ క్షమాపణ కాస్తా దెప్పుడయ్యేది. అన్నిటికన్నా ముఖ్యం, చెప్పిన కారణం నిజం. అటక, చాకలి పద్దు, అటుకులు! ఇలాంటివి కల్పిస్తే వస్తాయా?

అబద్ధం ఎలా దొరికిపోతుందో కూడా చూశాను. మా అపార్టుమెంటులో ఒకావిడ చీటీ డబ్బుల సంగతి అడిగితే రోజంతా పలకలేదు. మర్నాడు "ఫోను నిద్రపోయింది, నన్నూ నిద్రపుచ్చింది" అని చమత్కారంగానే రాసింది. కానీ ముందురోజు నాలుగింటికి ఆవిడ పెట్టిన గుడి ఫొటోల స్టేటస్ మేమందరం చూశాం! ఎవరికీ నవ్వు రాలేదు. కొందరు చదివేశాక "చదవనట్టు" గుర్తు పెట్టుకుంటారు. అది వాళ్ల ఫోనులో జ్ఞాపకం కోసమే. అవతలివాళ్ల దగ్గర నీలమైన టిక్కులు మళ్లీ బూడిదరంగుకి రావు.

మా అమ్మాయి పద్ధతి వేరు. పది "సారీ"లు, పదిహేను నవ్వుమొహాలు. అడిగినదానికి జవాబు మాత్రం ఉండదు! మళ్లీ మొదటినుంచీ అడగాల్సిందే.

అయితే వదిన బాణీ అన్నిచోట్లా పనికిరాదు. మా స్నేహితురాలు భర్తని ఆస్పత్రిలో చేర్చి, "రాత్రికి తోడుంటావా" అని ఒకామెకి మెసేజి పెట్టింది. ఆమె మర్నాటికి చూసుకుని "కుంభకర్ణుడి చెల్లెల్ని" అని రాసింది. ఆ మాట మా స్నేహితురాలు ఇప్పటికీ మరిచిపోలేదు. అలాంటప్పుడు రాతలు కాదు, వెంటనే ఫోను చేసి "ఎలా ఉన్నారు, ఇప్పుడు రానా?" అని అడగాలి. మెసేజి ఎందుకు చూడలేదన్నది, వాళ్లడిగితే చెప్పొచ్చు.